తబలా మొదట నోట పలుకుతుంది

తబలా నేర్చుకోవడానికి కొత్తగా చేరినవాళ్లకు చేతికన్నా ముందు నోటికి పని పడుతుంది. తాళం వేస్తూ ‘ధా ధిన్ ధిన్ ధా’ అని పదే పదే చెప్పించాకే చాలామంది గురువులు వాద్యం ముందు కూర్చోబెడతారు. ఈ అక్షరాలను బోల్‌లు అంటారు, లయ తప్పకుండా పలకడాన్ని పఢంత్ అంటారు. మృదంగం నేర్చుకునే పిల్లలు ‘త ధి తొం నం’ చెప్పుకోవడం మనకు తెలిసిందే. హిందుస్తానీ పద్ధతిలోనూ అలాంటి సాధనే ఉంది.

బోల్ అంటే నోటికొచ్చిన అక్షరం కాదు, ఏ చేయి ఎక్కడ పడాలో చెప్పే సూచన. తబలా అంటే రెండు వాద్యాల జంట. కుడిచేతి వైపు చెక్కతో చేసిన దాయా, ఎడమచేతి వైపు సాధారణంగా లోహంతో చేసిన బాయా ఉంటాయి. దాయా అంచు మీద చూపుడు వేలితో కొడితే ‘నా’ లేదా ‘తా’ పలుకుతుంది. అంచుకు కాస్త లోపల మెత్తగా కొడితే ‘తిన్’. బాయాను మోగనిస్తే ‘గే’, అరచేత్తో మూసి కొడితే ‘కే’.

రెండు చేతులూ ఒకేసారి పడినప్పుడు పేరు మారుతుంది. ‘నా’తో ‘గే’ కలిస్తే ‘ధా’, ‘తిన్’తో ‘గే’ కలిస్తే ‘ధిన్’. కాబట్టి ఠేకా చెబుతున్నప్పుడు ‘ధ’ వినబడితే ఎడమచేతి గుమ్కీ ఉన్నట్టు, ‘త’ వినబడితే లేనట్టు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే తీన్‌తాల్ సగం అర్థమైనట్టే.

ఠేకా అంటే ఒక తాళానికి నిర్ణయమైన బోల్‌ల వరుస. పదహారు మాత్రల తీన్‌తాల్ ఠేకా నాలుగేసి మాత్రల చొప్పున నాలుగు విభాగాలుగా ఉంటుంది.

ధా ధిన్ ధిన్ ధా
ధా ధిన్ ధిన్ ధా
ధా తిన్ తిన్ తా
తా ధిన్ ధిన్ ధా

చెప్పేటప్పుడు 1, 5, 13 మాత్రల దగ్గర చప్పట్లు పడతాయి. మొదటి మాత్రే సమ్. తొమ్మిదో మాత్ర దగ్గర చప్పట్లు ఉండవు, అరచేతిని పక్కకు తిప్పి ఊపుతారు. అది ఖాళీ.

ఇక్కడే ఒక తమాషా ఉంది. చేయి ఊపే తొమ్మిదో మాత్ర మీద ‘ధా’ అనే ఉంటుంది, అంటే ఎడమచేయి ఇంకా మోగుతూనే ఉంది. పదో మాత్ర నుంచి పదమూడో మాత్ర దాకా మాత్రమే బాయా గుమ్కీ ఆగుతుంది. పదమూడు దగ్గర చప్పట్లు పడినా నోటితో పలికేది ‘తా’. పద్నాలుగులో ‘ధిన్’తో గుమ్కీ తిరిగి వస్తుంది. చేతి లెక్కకూ వాద్యం నాదానికీ మధ్య ఒక మాత్ర ఎడం ఉందన్నమాట. కొన్ని సంప్రదాయాల్లో బోల్‌లు కొంచెం మారతాయి కానీ ఎక్కువగా నేర్పేది ఈ రూపమే.

కొత్తవాళ్లు తడబడేదీ ఇక్కడే. మూడు విభాగాలూ ‘ధా’తోనే మొదలవడంతో నాలుగోదాన్నీ అలవాటుగా ‘ధా’ అనేస్తారు. లేదంటే మూడో విభాగంలోనూ ‘ధిన్ ధిన్’ అంటారు. అప్పుడు రెండో, మూడో విభాగాలకు తేడా పోయి, ఆవర్తనంలో ఎక్కడున్నారో వాళ్లకే తెలియదు. చేతులతో వాయిస్తున్నప్పుడు ఈ పొరపాటు మోతలో కలిసిపోవచ్చు. నోటితో చెబుతుంటే గురువు అక్కడికక్కడే ఆపగలడు, శిష్యుడికీ వినబడుతుంది.

ఠేకా కుదిరాక దుగున్ చెప్పిస్తారు. చప్పట్ల వేగం మార్చకుండా ఒక్కో మాత్రలో రెండేసి బోల్‌లు పలకాలి. మొదటి మాత్రలో ‘ధాధిన్’, రెండో మాత్రలో ‘ధిన్‌ధా’ వస్తాయి. అయిదో మాత్ర దగ్గర చప్పట్లు పడేసరికి నోట్లో ‘ధాతిన్’ ఉంటుంది, అంటే ఠేకా అప్పటికే మూడో విభాగంలోకి వెళ్లింది. ఎనిమిది మాత్రల్లో ఒక చుట్టు అయిపోతుంది. తొమ్మిదో మాత్రలో, సరిగ్గా చేయి ఊపే చోట, రెండో చుట్టు ‘ధా’ మొదలవుతుంది. నోరు దుగున్‌లోకి వెళ్లగానే చేతులు కూడా దానితో పరుగెత్తాయంటే మాత్ర ఇంకా స్థిరపడలేదని అర్థం. అప్పుడు మళ్లీ విడి వేగానికి దిగాల్సిందే.

పఢంత్‌తో అన్నీ తెలిసిపోవు. ‘గే’ మోగుతుండగా మణికట్టుతో చర్మాన్ని ఎంత నొక్కితే నాదం ఎంత పైకి జారుతుందో ఏ అక్షరమూ చెప్పదు. అదే ‘తా’ ఒకచోట అంచు మీద, మరోచోట వేరేలా పడవచ్చు. అందుకే గురువు నోటితో చెప్పాక, అదే వరుసను తానే వాయించి చూపిస్తాడు. కథక్ ప్రదర్శనల్లో, తబలా సోలో కచేరీల్లో కళాకారులు కొన్ని రచనలను ముందు నోటితో చెప్పి, వెంటనే ఆడడమో వాయించడమో చేస్తారు. అప్పుడు ‘ధ’లు ఎక్కడ మాయమవుతున్నాయో గమనిస్తే ఖాళీని శ్రోతలూ పట్టుకోవచ్చు.