కుడిపక్కన ఎర్రదీపం కనిపిస్తే

2017 జూన్ 17, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. జపాన్ తీరానికి దగ్గర్లో అమెరికా యుద్ధనౌక ఫిట్జెరాల్డ్, కంటైనర్ల ఓడ ఏసీఎక్స్ క్రిస్టల్ ఢీకొన్నాయి. యుద్ధనౌక కుడిపక్క చీలిపోయి, నావికులు నిద్రపోయే గదిలోకి నీళ్లు ముంచెత్తాయి. ఏడుగురు చనిపోయారు.

ఇంజనుతో నడిచే రెండు నావలు ఒకదాని దారికి మరొకటి అడ్డంగా వస్తున్నప్పుడు ఎవరు తప్పుకోవాలో 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో స్పష్టంగా ఉంది. ఎదుటి నావ ఎవరికి కుడిపక్కన కనిపిస్తుందో వాళ్లే దారివ్వాలి. రాత్రిపూట ఇది దీపాలతోనే తెలిసిపోతుంది. ప్రతి నావకూ ఎడమన ఎర్రదీపం, కుడిన పచ్చదీపం ఉంటాయి. కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే నావ మనకు చూపేది తన ఎడమపక్క కాబట్టి ఎర్రదీపం కనిపిస్తుంది. దానికి మన పచ్చదీపం కనిపిస్తుంది. చేపల పడవైనా వల నీళ్లలో లేకుండా రేవుకు తిరిగొస్తుంటే దానికీ ఇదే నియమం.

ఢీకొనే ప్రమాదం ఉందో లేదో తేల్చుకోవడానికి దిక్సూచి చాలు. దూరం తగ్గుతున్నా ఎదుటి నావ అదే దిక్కున నిలిచి ఉంటే, రెండూ ఒకే చోటికి చేరబోతున్నట్టే లెక్క.

దారిచ్చేవాడు ముందుగానే, ఎదుటివాడికి స్పష్టంగా కనిపించేంత పెద్ద మలుపు తిప్పాలి. కొంచెం కొంచెం తిప్పితే చీకట్లో అవతలివాడికి తెలియదు. సాధారణంగా కుడికి తిరిగి ఎదుటి నావ వెనక నుంచి వెళ్తారు, లేదా వేగం తగ్గిస్తారు. వీలైనంతవరకు దాని ముందు నుంచి దాటకూడదు.

దారి పొందినవాడి పని ఇంతకంటే కష్టమని నా అభిప్రాయం. దిశ, వేగం మార్చకుండా సాగాలి. అవతలివాడి లెక్క వాటి మీదే ఆధారపడి ఉంటుంది. అలాగని కళ్లు మూసుకుని పోవడానికి లేదు. అవతలివాడు తప్పుకుంటాడా అన్న సందేహం వస్తే వెంటవెంటనే కనీసం ఐదు పొట్టి కూతలు వేయాలి. అయినా కదలకపోతే తానే తప్పుకోవచ్చు. అవతలివాడొక్కడు తిప్పితే సరిపోనంత దగ్గరైతే ఇక తప్పుకుని తీరాలి. అప్పుడు కూడా, ఎడమపక్కనున్న నావను తప్పించుకోవడానికి వీలైనంతవరకు ఎడమకు తిరగకూడదు. ఆఖరి క్షణంలో అవతలివాడు కుడికి తిప్పితే రెండూ మళ్లీ ఒకే చోటికి వస్తాయి.

ఆ రాత్రి క్రిస్టల్ ఫిట్జెరాల్డ్‌కు కుడిపక్కన ఉంది. దారివ్వాల్సింది యుద్ధనౌకే. అక్కడి అధికారి మొదట కుడికి తిప్పమని, వెంటనే ఆ మాట మార్చి వేగం పెంచి ఎడమకు తిప్పమని ఆదేశించారు. అప్పటికే సమయం మించిపోయింది. ఢీకొనడానికి సుమారు ఒక్క నిమిషం ముందు వరకు రెండు నావలూ తప్పుకునే ప్రయత్నం చేయలేదని, హెచ్చరిక కూత కూడా ఎవరూ వేయలేదని అమెరికా నౌకాదళ నివేదిక తేల్చింది.