గాలి వేడి పలకను ఎంత చల్లారుస్తుంది?

మార్చి మధ్యాహ్నం. డాబా మీద 2 మీటర్ల సోలార్ పలక 65 డిగ్రీలకు కాలుతోంది. 35 డిగ్రీల గాలి దాని పొడవునా సెకనుకు 5 మీటర్ల వేగంతో జారిపోతోంది.

ముందు తేల్చాల్సింది, ఆ గాలి పొరలు పొరలుగా సాగుతోందా, సుడులు తిరుగుతోందా అని. అందుకు రేనాల్డ్స్ సంఖ్య కావాలి: వేగాన్ని పొడవుతో గుణించి, గాలి స్నిగ్ధతతో భాగించాలి. గాలి లక్షణాలను రెండు ఉష్ణోగ్రతల సగటు, అంటే 50 డిగ్రీల దగ్గర తీసుకోవాలి. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే.

Re = 5 × 2 ÷ 0.000018 ≈ 5,56,000

నునుపైన పలకకు హద్దు సుమారు 5,00,000. అంటే మొదటి 1.8 మీటర్లూ గాలి నెమ్మదిగా పొరలుగా సాగి, చివరి జానెడులోనే సుడులు మొదలవుతాయి. కనుక రెండు దశలనూ కలిపిన సూత్రం వాడాలి:

Nu = (0.037 Re^0.8 − 871) Pr^(1/3)

గాలికి Pr 0.7. Nu సుమారు 522 వస్తుంది. దాన్ని గాలి ఉష్ణవాహకత 0.028తో గుణించి, పొడవుతో భాగిస్తే సగటు ఉష్ణ బదిలీ గుణకం: చదరపు మీటరుకు, డిగ్రీకి 7.3 వాట్లు.

అయితే నిజం పలకకు అంచున అల్యూమినియం ఫ్రేము పొడుచుకొని ఉంటుంది. గాలి దానికి కొట్టుకుని మొదటి నుంచే సుడులు తిరిగితే 871 తీసేయాల్సిన పని లేదు. గుణకం 18కి ఎగబాకుతుంది. లెక్కలో ఏ తప్పూ లేకున్నా, అంచును చూడకపోతే జవాబు రెండున్నర రెట్లు తేడా కొడుతుంది.