తలకు వేసిన రంగు ఎక్కడ ఆగుతుంది?

వెంట్రుకకు ప్రధానంగా రెండు భాగాలు. పైన పారదర్శకమైన పొలుసుల పొర ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా పొలుసులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. దీన్ని క్యూటికల్ అంటారు. దాని లోపల ఉండే మందమైన భాగం కార్టెక్స్. జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ ఉండేది ఈ కార్టెక్స్‌లోనే. వయసుతోపాటు కుదురులో మెలనిన్ తయారీ ఆగిపోతే, అక్కడి నుంచి వచ్చే వెంట్రుక తెల్లగా వస్తుంది.

బజారులో దొరికే రంగులను టెంపరరీ, సెమీ పర్మనెంట్, డెమీ పర్మనెంట్, పర్మనెంట్ అని నాలుగు రకాలుగా చెబుతారు. రంగు పొలుసుల పైనే ఆగిందా, వాటి సందుల్లోకి దిగిందా, లేక కార్టెక్స్‌లోకి వెళ్ళి అక్కడే చిక్కుకుందా అన్నదే వీటి మధ్య అసలు తేడా. ఎన్నాళ్ళు ఉంటుంది, ఎలా పోతుంది, జుట్టుకు ఎంత నష్టం అన్నవన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

టెంపరరీ: ఒక్క తలస్నానం వరకు

ఈ రంగు రేణువులు పెద్దవి కాబట్టి పొలుసులు దాటి లోపలికి పోలేవు. వెంట్రుకకు పైపూతలా అంటుకుని ఉంటాయి. స్ప్రేలు, హెయిర్ మస్కారా, రంగు సుద్దలు, కలర్ వ్యాక్స్ ఈ కోవలోవి. ఒకసారి షాంపూతో రుద్దితే పోతాయి. చెమటకు, వానకు కూడా కారతాయి, దిండు గలీబుకు అంటుతాయి. నాటకంలో వేషానికి, పాపిట దగ్గర బయటపడ్డ తెల్లగీతను ఒక్క సాయంత్రం పెళ్ళి విందు వరకు కప్పుకోవడానికి ఇవి సరిపోతాయి. బ్లీచ్ చేసిన జుట్టులో మాత్రం పొలుసులు లేచి ఉంటాయి గనుక, ఒక్కరోజు రంగు కూడా మరకలా కొన్నాళ్ళు నిలిచిపోవచ్చు.

సెమీ పర్మనెంట్: కలపడానికి ఏమీ ఉండదు

ఇందులో రంగు ముందే తయారై ఉంటుంది. దేనితోనూ కలపకుండా సీసాలోంచి తీసి నేరుగా పూసుకోవడమే. రంగు కొంత పైన అంటుకుంటుంది, కొంత పొలుసుల సందుల్లోకి దిగుతుంది. ఎలా దిగిందో అలాగే ప్రతి తలస్నానానికీ కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు తలస్నానాల వరకు నిలుస్తుంది.

దీనికి మెలనిన్‌ను తగ్గించే శక్తి లేదు. ఉన్న రంగు మీద ఇంకో రంగు కలుపుతుంది, అంతే. అందుకే నల్లటి జుట్టుకు బర్గండీ వేస్తే గదిలో ఏమీ తెలియదు, ఎండలో నిలబడితే ఎర్రటి ఛాయ కనబడుతుంది. అదే రంగు తెల్ల వెంట్రుకకు తగిలితే కొట్టొచ్చినట్టు మెరుస్తుంది. పదో పదిహేనో తెల్ల వెంట్రుకలు వచ్చినవారికి, కొత్త ఛాయ ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి, వెలిసిన పాత రంగుకు మెరుగు పెట్టుకోవాలనుకునేవారికి ఇది తగినది.

డెమీ పర్మనెంట్: నెమ్మదిగా వెలిసేది

పెట్టెలో రెండు ఉంటాయి: రంగు క్రీము, డెవలపర్. రంగు క్రీములోని అణువులు చిన్నవి, అప్పటికి వాటికి రంగు లేదు. అవి వెంట్రుకలోకి వెళ్ళాక డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని ఒకదానితో ఒకటి కలిపి, పెద్దవిగా, రంగు అణువులుగా మారుస్తుంది. సన్నగా దూరినవి లావెక్కి లోపలే ఇరుక్కుంటాయన్నమాట. ఈ డెవలపర్ బలం తక్కువ, సాధారణంగా 3 శాతమో ఇంకా తక్కువో. పొలుసులు కొద్దిగానే తెరుచుకుంటాయి. సహజమైన నలుపు దాదాపు అలాగే ఉంటుంది. రంగు సుమారు 20 నుంచి 28 తలస్నానాల వరకు వస్తుంది.

పర్మనెంట్: లోపలి నలుపును కూడా కదిలించేది

ఇక్కడ అమోనియా పొలుసులను బాగా తెరుస్తుంది. డెవలపర్ ఎక్కువగా 6 శాతం ఉంటుంది, పార్లర్లలో దీన్నే 20 వాల్యూమ్ అంటారు. ఈ పెరాక్సైడ్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఉన్న మెలనిన్‌ను కొంత చెరిపేస్తుంది, కొత్త రంగును కార్టెక్స్‌లో కూరుస్తుంది. అందుకే నల్ల జుట్టును ఒకటి రెండు ఛాయలు తేలిక చేయడం ఈ నాలుగింటిలో దీనికే సాధ్యం. ‘అమోనియా లేదు’ అని రాసి ఉన్నా అది పర్మనెంట్ కాకుండా పోదు. చాలావాటిలో దాని బదులు అదే పని చేసే మోనోఎథనాలమీన్ వాడతారు, ఘాటైన వాసన మాత్రం ఉండదు.

ఈ రంగు కాస్త వెలుస్తుంది గానీ పూర్తిగా పోదు, ఆ జుట్టును కత్తిరించాల్సిందే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక నాలుగు వారాలకు పాపిట పొడవునా తెల్లగీత తేలుతుంది.

ఎవరికి ఏది?

నలభై రెండేళ్ళ స్త్రీకి కణతల దగ్గర, పాపిట వెంట తెల్లబడింది, మొత్తం మీద పావు వంతు అనుకుందాం. వారానికి రెండుసార్లు తలస్నానం చేస్తుంది. పర్మనెంట్ వేసుకుంటే తెలుపు పూర్తిగా కప్పుకుంటుంది, కానీ నెల తిరిగేసరికి గీత కనబడి మళ్ళీ కూర్చోవాల్సిందే. డెమీ పర్మనెంట్ ముదురు గోధుమ రంగు వేసుకుంటే తెల్ల వెంట్రుకలు నల్లవాటిలో పలచటి ఛాయగా కలిసిపోతాయి. రెండున్నర, మూడు నెలల్లో రంగు మెల్లగా వెలుస్తుంది. కింద వెలుస్తూ, పైన తెలుపు పెరుగుతూ ఉండటంతో గీత అంత కరుకుగా తెలియదు. తెలుపు సగం దాటాక మాత్రం డెమీ పలచబడి కనిపిస్తుంది. అప్పుడు పర్మనెంటే నయం.

పర్మనెంట్‌కు మారాక ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. నెలనెలా కుదుళ్ళ నుంచి కొసల దాకా మొత్తం పూసేస్తారు. కొసలకు పన్నెండు పూతలు పడే సమయానికి కుదుళ్ళకు ఒక్కటే పడుతుంది. కొసలు మసిలా నల్లబడి పీచులా తయారవుతాయి. కొత్తగా పెరిగిన సెంటీమీటరుకే రంగు పెట్టాలి. అలా నల్లబడ్డ కొసలను తేలిక చేయాలని గోధుమ రంగు తెచ్చి పూసినా ఫలితం ఉండదు. ఒకసారి వేసిన రంగును ఇంకో రంగు తీయలేదు, బ్లీచో కలర్ రిమూవరో కావాలి.

చర్మం ఒప్పుకోకపోతే

పర్మనెంట్‌లోనూ డెమీలోనూ సాధారణంగా పీపీడీ గానీ దానికి దగ్గరి రసాయనం గానీ ఉంటుంది. కొందరికి దీనితో నెత్తి దురద, చెవుల వెనక ఎర్రదనం, కనురెప్పల వాపు వస్తాయి. ఏళ్ళ తరబడి పడినవారికి కూడా ఒకరోజు పడకపోవచ్చు. అందుకే 48 గంటల ముందు పెట్టెలోని సూచన ప్రకారం మోచేతి మడతలోనో చెవి వెనకో కొద్దిగా రాసి చూడాలి. దురదో వాపో వస్తే ఆ రంగు తలకు పెట్టకూడదు.

గోరింటాకు ఒక్కటే వాడితే వచ్చేది నారింజ కలిసిన ఎరుపే. హెన్నా పేరుతో అమ్మే పొడి అరగంటలో నిగనిగలాడే నలుపు ఇచ్చిందంటే అందులో చాలాసార్లు పీపీడీ ఉంటుంది, కాబట్టి దానికీ అదే పరీక్ష చేయాలి.

పెట్టె మీద పేరు ఎలా ఉన్నా రకాన్ని గుర్తుపట్టే దారి ఉంది. డెవలపర్ లేకుండా నేరుగా పూసేదైతే టెంపరరీ లేదా సెమీ పర్మనెంట్. రెండు కలపాల్సి వస్తే డెమీ లేదా పర్మనెంట్. డెవలపర్ 6 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే అది పర్మనెంటే అనుకోవచ్చు.