శాకాహారంలో సంపూర్ణ మాంసకృత్తి: పప్పన్నం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ధాన్యాలు, పప్పులు పరస్పరం పూరించుకొని సంపూర్ణ మాంసకృత్తిని ఇస్తాయనే అభిప్రాయం ఆహారసంస్కృతి రచనలలో స్థిరపడింది. అది ఎంతవరకు నిజమో పప్పన్నాన్ని ఉదాహరణగా తీసుకొని లెక్కలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. మాంసకృత్తి నాణ్యత, పరిమాణం వేరువేరు ప్రశ్నలని, వరి భోజనంలో లోటు ఎక్కువగా రెండవదాని వైపే ఉంటుందని ఇందులో చూపడం జరిగింది.

కీలకపదాలు: మాంసకృత్తులు, అమైనో ఆమ్లాలు, లైసిన్, పప్పన్నం, జొన్నరొట్టె, పెరుగు.

1. ఉపోద్ఘాతం

బియ్యంలో లేనిది పప్పులో ఉంటుందని, పప్పులో లేనిది బియ్యంలో ఉంటుందని, రెండూ కలిస్తే భోజనం సంపూర్ణమవుతుందని సాధారణంగా చెబుతుంటారు. ఈ మాటలో నిజం ఉంది. కానీ 'లేనిది' అనే పదం దగ్గర పొరపాటు కూడా ఉంది. మానవశరీరం స్వయంగా తయారుచేసుకోలేని తొమ్మిది ఆవశ్యక అమైనో ఆమ్లాలూ బియ్యంలో ఉన్నాయి, కందిపప్పులోనూ ఉన్నాయి. తేడా అంతా వాటి పాళ్ళలోనే ఉంది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల రెండు విరుద్ధమైన అపోహలు ఏర్పడ్డాయి. శాకాహారంలో సంపూర్ణ మాంసకృత్తి దొరకదన్నది ఒకటి. పళ్ళెంలో అన్నం పక్కన కాస్త పప్పు కనిపిస్తే చాలునన్నది మరొకటి. రెండవ అపోహ వల్ల కలిగే నష్టం పైకి కనిపించదు కనుక దానినే ఎక్కువగా పరిశీలించవలసి ఉంది.

2. 'సంపూర్ణం' అనే భావన

ఈ భావనకు ప్రయోగపూర్వకమైన పునాది ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పడింది. థామస్ ఆస్బర్న్, లఫాయెట్ మెండెల్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1914లో ఎలుకలకు మొక్కజొన్నలోని జెయిన్ అనే మాంసకృత్తిని మాత్రమే ఇచ్చి పరిశీలించారు. ఆ ఎలుకలు చిక్కిపోయాయి. ఆహారంలో ట్రిప్టోఫాన్ చేర్చినప్పుడు బరువు నిలిచింది కాని పెరుగుదల రాలేదు. దానికి లైసిన్ కూడా కలిపిన తరువాతనే అవి ఎదిగాయి. మాంసకృత్తి ఎంత తిన్నామన్నదే కాక, అది ఏ అమైనో ఆమ్లాలతో కూడి ఉందన్నది కూడా ముఖ్యమని దీనితో తేలింది.

దీనిని పూలమాలతో పోల్చి చూడవచ్చు. పది మల్లెలకు ఒక మరువపు రెమ్మ చొప్పున మాల కట్టాలని నియమం పెట్టుకుంటే, మరువం అయిపోయిన చోట మాల ఆగిపోతుంది. బుట్టలో మల్లెలు ఎన్ని మిగిలినా అవి ఆ మాలకు ఉపయోగపడవు. శరీరం తన మాంసకృత్తులను నిర్మించుకొనేటప్పుడు కూడా అవసరంతో పోల్చితే అన్నిటికంటే తక్కువగా ఉన్న ఆమ్లమే హద్దు గీస్తుంది. దానిని పరిమితకారి ఆమ్లం అనవచ్చు. వరి, గోధుమ, జొన్న మొదలైన ధాన్యాలలో అది లైసిన్. పప్పులలో గంధకం కలిగిన మిథియోనిన్, సిస్టీన్ జంట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయం కలిసి 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం వయోజనులు తినే ఒక్కొక్క గ్రాము మాంసకృత్తిలో 45 మిల్లీగ్రాముల లైసిన్, 22 మిల్లీగ్రాముల గంధక ఆమ్లాలు ఉండాలి. బియ్యపు మాంసకృత్తిలో లైసిన్ సుమారు 36 మిల్లీగ్రాములు, గంధక ఆమ్లాలు సుమారు 40 మిల్లీగ్రాములు. కందిపప్పులో లైసిన్ 70 వరకు ఉంటుంది, గంధక ఆమ్లాలు 20 దరిదాపుల్లో నిలుస్తాయి. ఒకదాని మిగులు రెండవదాని తగ్గును పూడుస్తుంది. పాలు, సోయాచిక్కుడు మాత్రం వయోజనుల ప్రమాణాన్ని వేరొకదాని తోడు లేకుండానే అందుకుంటాయి. కనుక సంపూర్ణ మాంసకృత్తి శాకాహారంలో దొరకదన్న మాట నిలవదు.

3. పప్పన్నం లెక్క

ఇప్పుడు ఒక ఉదాహరణను అంకెలతో పరిశీలించవచ్చు. 55 కిలోల బరువున్న స్త్రీకి భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసిన మాంసకృత్తి రోజుకు సుమారు 46 గ్రాములు. కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆమెకు కావలసిన లైసిన్ సగటున 1,650 మిల్లీగ్రాములు. ఈ లెక్కలో బియ్యం, పప్పు తూకాలన్నీ వండకముందువి. నూరు గ్రాముల బియ్యంలో 8 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు మాంసకృత్తి ఉంటుందని, అన్నం పప్పుల మాంసకృత్తిలో 85 శాతం జీర్ణమవుతుందని అనుకుందాం.

ఆమె రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకొని, పప్పు లేకుండా పచ్చడితోనో పులుసుతోనో తిన్నదనుకుంటే మాంసకృత్తి 32 గ్రాములు వస్తుంది. లైసిన్ 1,152 మిల్లీగ్రాములు. అందులో జీర్ణమయ్యేది దాదాపు 980. కడుపు నిండినా లైసిన్ అవసరంలో అయిదింట మూడు వంతులు మాత్రమే తీరింది.

రెండవ సందర్భంలో 350 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు తీసుకుందాం. పప్పుచారు ప్రధానమైన ఇంట్లో ఇది అరుదైన పరిమాణం కాదు. మొత్తం మాంసకృత్తి సుమారు 37 గ్రాములు, లైసిన్ సుమారు 1,624 మిల్లీగ్రాములు. గ్రాముకు 44 మిల్లీగ్రాముల చొప్పున వచ్చిందన్నమాట. కావలసినది 45. అంటే బియ్యంలో ఎనిమిదో వంతు పప్పు కూడా పూర్తిగా చేరకముందే నాణ్యత దాదాపు ప్రమాణాన్ని అందుకుంది. 'పరస్పర పూరకత' అన్న మాటను ఇక్కడితో ఆపివేస్తే ఈ భోజనాన్ని సంపూర్ణమని ప్రకటించవచ్చు. కాని జీర్ణమయ్యే లైసిన్ 1,380 మాత్రమే, మాంసకృత్తి సిఫారసు కంటే తొమ్మిది గ్రాములు తక్కువ. నాణ్యత సరిపోయింది, పరిమాణం సరిపోలేదు. పప్పు బియ్యానికి లైసిన్‌ను అరువిచ్చే తోడు మాత్రమే కాదు, బియ్యం కంటే దాదాపు మూడురెట్లు మాంసకృత్తి ఉన్న పదార్థం. ఈ రెండవ గుణం నలుగురికి పంచే పలుచని పప్పుచారులో దాదాపు కనుమరుగవుతుంది.

మూడవ సందర్భంలో 300 గ్రాముల బియ్యం, 100 గ్రాముల కందిపప్పు. మాంసకృత్తి 46 గ్రాములకు చేరుతుంది. జీర్ణమయ్యే లైసిన్ 2,040 వరకు ఉంటుంది. గంధక ఆమ్లాలు గ్రాముకు 30 మిల్లీగ్రాములు, అవసరం కంటే ఎక్కువే. 2020 నాటి సిఫారసులు ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 పాళ్ళలో ఉండాలని చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడ అర్థమవుతుంది. 3:1 అన్నది నాణ్యత కోసం తప్పనిసరి అయిన కనీసపు పాలు కాదు. పరిమాణాన్ని కూడా తీర్చే పాలు.

ఇక పాల సంగతి. రెండవ సందర్భంలోని భోజనాన్నే మార్చకుండా, చివర 200 గ్రాముల పెరుగు కలిపి చూస్తే ఆరు గ్రాముల మాంసకృత్తి అదనంగా వస్తుంది. పాల మాంసకృత్తిలో గ్రాముకు 80 మిల్లీగ్రాముల వరకు లైసిన్ ఉంటుంది, అది దాదాపు పూర్తిగా జీర్ణమవుతుంది. ఫలితంగా జీర్ణమయ్యే లైసిన్ 1,830 వరకు పెరిగి సగటు అవసరాన్ని దాటుతుంది. మొత్తం మాంసకృత్తి 43 గ్రాములు. భోజనాన్ని పెరుగన్నంతో ముగించే అలవాటుకు రుచిపరమైన కారణాలు ఎన్ని ఉన్నా, పప్పు పలుచనైన ఇంట్లో అసలు పని చేస్తున్నది ఆ చివరి ముద్దే. దానికి బదులు నీళ్ళమజ్జిగ వస్తే ఈ లెక్క మళ్ళీ తప్పుతుంది.

4. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి

వరికి కుదిరిన పాలు అన్ని ధాన్యాలకూ కుదరవు. జొన్న మాంసకృత్తిలో లైసిన్ గ్రాముకు 22 మిల్లీగ్రాముల ప్రాంతంలోనే ఉంటుంది. నూరు గ్రాముల జొన్నలలో పది గ్రాముల మాంసకృత్తి ఉన్నందున పైకి అది బియ్యం కంటే మెరుగ్గా తోస్తుంది. కాని 300 గ్రాముల జొన్నలకు 100 గ్రాముల కందిపప్పు చేర్చినా లైసిన్ గ్రాముకు 42 దగ్గరే ఆగుతుంది. పైగా తడిలో ఉడికినప్పుడు జొన్న మాంసకృత్తి జీర్ణం కావడం కష్టమవుతుంది. సంకటిగా తినేవారికి ఇది మరింత వర్తిస్తుంది. కనుక జొన్న తినేవారికి పప్పు వరి తినేవారికంటే ఎక్కువగా కావాలి.

రొట్టెతో పల్లీల పచ్చడి తినే చోట మరొక పొరపాటుకు అవకాశం ఉంది. వేరుశనగ పప్పుజాతి మొక్కే అయినా లైసిన్ విషయంలో కందితో సమానం కాదు. దాని మాంసకృత్తిలో లైసిన్ బియ్యంలో ఉన్నంతే ఉంటుంది. నువ్వులలో అంతకంటే తక్కువ. ఈ రెండూ మాంసకృత్తి పరిమాణాన్ని పెంచుతాయి కాని జొన్నలోని లైసిన్ లోటును పూడ్చలేవు. ఆ పని కంది, పెసర, శనగ, మినుము, అలసంద వంటివి చేయాలి.

5. ఒకే పూట కలవాలా?

రెండూ ఒకే పూట పళ్ళెంలో కలవాలనే నియమం అమెరికాలో 1971లో వెలువడిన ఫ్రాన్సెస్ మూర్ లాప్పే పుస్తకం 'డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్' ద్వారా విశేషంగా ప్రచారమయింది. ఆమె 1981 నాటి కూర్పులో ఆ నియమాన్ని తానే సవరించుకొన్నారు. వెర్నన్ యంగ్, పీటర్ పెలెట్ 1994లో రాసిన సమీక్ష కూడా వయోజనులకు రోజు మొత్తంలో సమతూకం ఉంటే చాలునని తేల్చింది. జీర్ణాశయంలో స్రవించే మాంసకృత్తులు, కణాలలో స్వేచ్ఛగా ఉండే లైసిన్ కొన్ని గంటలపాటు లోటును సర్దుతాయి. ఉదయం పెసరట్టు తిని మధ్యాహ్నం పులిహోరతో సరిపెట్టుకొన్నా ఆ రెండింటి మధ్య పూరకత పోదు. అయితే ఈ వెసులుబాటు సరిపడా తినే వయోజనులకు సంబంధించినది. పసిపిల్లలకు కిలో బరువుకు కావలసిన లైసిన్ ఎక్కువ, కడుపు చిన్నది. వారి గిన్నెలో పప్పుతేట కాక పప్పే పడాలి.

6. సంప్రదాయం, శాస్త్రం

పూర్వులు అమైనో ఆమ్లాలను ఎరిగే వంటకాలను కూర్చారనే వ్యాఖ్యానాన్ని ఇక్కడ పరీక్షించడం అవసరం. బియ్యం, మినపప్పు కలిసిన ఇడ్లీని దీనికి ఉదాహరణగా చూపుతారు. క్రీ.శ. 920 ప్రాంతానికి చెందిన కన్నడ రచన 'వడ్డారాధనె'లో 'ఇడ్డలిగె' పేరు కనిపిస్తుంది. సంస్కృతంలో పన్నెండవ శతాబ్దపు 'మానసోల్లాస' 'ఇడ్డరికా'ను పేర్కొంటుంది. ఆహారచరిత్రకారుడు కె.టి. అచ్చయ్య చూపినట్లు ఆ తొలి ప్రస్తావనలలో పిండి మినుములదే, బియ్యపు ఊసు లేదు. పప్పు, ధాన్యాల జోడింపు తరువాతి చేర్పు అన్నమాట. ఏ నేలలో ఏ పంట పక్కపక్కన పండింది, ఏది చవకగా దొరికింది, పిండి ఎలా పులిసింది అనే కారణాలు దానికి సరిపోతాయి. జొన్నచేనులో కందిని అంతరపంటగా వేసిన రైతు నేలను, వానను చూసే వేశాడు. ఆ రెండు పంటలూ ఒకే ఇంటి పొయ్యి మీదకు చేరడం దాని ఫలితం. అయితే చేనులో కంది సాళ్ళు జొన్న సాళ్ళకంటే తక్కువే. ఆ తక్కువ పాలే పళ్ళెంలోకీ వచ్చింది.