కాగితం మీద ముందే తెలిసిపోయే చర్య

సైక్లోపెంటాడైఈన్ అనే ద్రవాన్ని సీసాలో పోసి రేపు వాడుకుందాం అనుకుంటే కుదరదు. గది వేడికే దాని అణువులు రెండేసి చొప్పున అతుక్కుపోతాయి. అందుకే లేబుల్ మీద డైసైక్లోపెంటాడైఈన్ అని రాసి, ఆ జంటలనే అమ్ముతారు. కావలసినప్పుడు దాన్ని 170 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడిచేస్తే జంట విడిపోతుంది. సుమారు 41 డిగ్రీల దగ్గర మరిగే తేలికపాటి సైక్లోపెంటాడైఈన్ ఆవిరై బయటికొస్తుంది. దాన్ని మంచులో పట్టి అప్పటికప్పుడు వాడేయాలి. చల్లగా ఉంటే అతుక్కోవడం, వేడెక్కితే విడిపోవడం: ఈ గుణంతో తర్వాత పని పడుతుంది.

దీన్ని మెలియిక్ ఆన్‌హైడ్రైడ్‌తో కలిపితే ఏమొస్తుంది? జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో ఓటో డీల్స్, కుర్ట్ ఆల్డర్ 1928లో ప్రచురించిన చర్య ఈ కోవలోదే. 1950లో వాళ్లకు నోబెల్ వచ్చింది కూడా దీనికే. సైక్లోపెంటాడైఈన్‌లో రెండు ద్విబంధాల మధ్య ఒకే ఒక ఏకబంధం ఉంటుంది. మెలియిక్ ఆన్‌హైడ్రైడ్‌లోని ద్విబంధానికేమో అటొకటి ఇటొకటి కార్బొనిల్ గుంపులు ఉండి ఎలక్ట్రాన్లను తమవైపు లాగేస్తుంటాయి. ఎలక్ట్రాన్లు ఉన్నవాడికీ లేనివాడికీ ఇక్కడ చక్కగా కుదురుతుంది.

కాగితం తీసుకోండి. డైఈన్ కార్బన్లకు 1, 2, 3, 4 అనీ, ఆల్కీన్ కార్బన్లకు 5, 6 అనీ అంకెలు వేయండి. 4కూ 5కూ మధ్య ఒక గీత, 6కూ 1కీ మధ్య మరో గీత గీయండి. పాత ద్విబంధాలు మూడూ చెరిపేసి 2, 3 మధ్య ఒక్కటి పెట్టండి. ఆరు కార్బన్ల వలయం వచ్చింది. బయటికి పోయేది ఏమీ లేదు కనుక అణుభారం 66, 98 కలిపి 164 కావాలి. అంతకు తేడా వస్తే గీతల్లో ఎక్కడో తప్పు పడినట్టే. ఈ పదార్థం కరిగేది కూడా సుమారు 164 డిగ్రీల దగ్గరే. అది కేవలం కాకతాళీయం, కానీ ఒకసారి వింటే మరచిపోలేం.

రెండు కొత్త బంధాలూ ఒకే అడుగులో, ఒకే వైపు నుంచి పడతాయి. కాబట్టి ఆల్కీన్‌లో ఒకే పక్కన ఉన్న గుంపులు ఉత్పన్నంలోనూ ఒకే పక్కన ఉంటాయి. మెలియిక్‌కు బదులు గుంపులు ఎదురెదురుగా ఉండే ఫ్యూమరిక్ ఎస్టర్ తీసుకుంటే ఎదురెదురుగానే మిగులుతాయి. ఇంతవరకు సందేహానికి చోటు లేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సైక్లోపెంటాడైఈన్‌లోని ఐదో కార్బన్ కొత్త వలయం మీద బుట్ట పిడిలా వంగి నిలుస్తుంది. ఆన్‌హైడ్రైడ్ ఆ పిడి వైపు తిరిగి ఉంటే ఎక్సో, పిడికి దూరంగా కిందికి ముడుచుకుని ఉంటే ఎండో. రద్దీ తక్కువ కనుక స్థిరమైనది ఎక్సో. అయినా మామూలు ఉష్ణోగ్రతలో చేతికొచ్చేది ఎండోనే, ఎందుకంటే అది వేగంగా ఏర్పడుతుంది. ఎందుకంత వేగమంటే, కార్బొనిల్ ఆర్బిటాళ్లు డైఈన్ కిందికి చేరి దానితో కొంత అతివ్యాప్తి చెందడమే కారణమని వుడ్‌వర్డ్, హాఫ్‌మన్ చెప్పారు. ఆ వివరణ మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ 'ఎండో నియమం' ఒక్కటే బట్టీపట్టినవాళ్లు ఫ్యూరాన్ దగ్గర దొరికిపోతారు. అదే మెలియిక్ ఆన్‌హైడ్రైడ్, పిడి స్థానంలో కార్బన్‌కు బదులు ఆక్సిజన్, అంతే తేడా. ఉత్పన్నం మాత్రం ఎక్సో. వుడ్‌వర్డ్, బేర్ 1948లో ఈ సంగతి తేల్చారు. ఇక్కడా ముందు వేగంగా ఏర్పడేది ఎండోనే. కానీ చర్యలో ఫ్యూరాన్ తన ఆరోమాటిక్ స్థిరత్వాన్ని పోగొట్టుకుంటుంది. కనుక ఉత్పన్నం పట్టు సడలి గది వేడికే విడిపోయి, మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది. ఎండో అలా విడిపోతుంటే, స్థిరమైన ఎక్సో మెల్లగా పోగుపడుతుంది. అంటే తొందరగా ఆపి చూసినవాడికీ, రెండు రోజులు ఆగినవాడికీ వేరు వేరు ఫలితాలు రావచ్చు.

ఏది వచ్చిందో ప్రోటాన్ ఎన్ఎంఆర్ తీస్తే తేలుతుంది. ఎక్సోలో ఆన్‌హైడ్రైడ్ పక్కనున్న హైడ్రోజన్లకూ పిడి మొదట్లోని హైడ్రోజన్లకూ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు. అందువల్ల ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద పడదు, 3.2 పీపీఎం దగ్గర ఒకే సూటి గీత కనిపిస్తుంది. ఎండోలో ఆ గీత చీలిపోతుంది.

సైక్లోపెంటాడైఈన్ ఉత్పన్నాన్ని కూడా 200 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేస్తే, అదీ ఎండో, ఎక్సోల మిశ్రమంగా మారుతుంది. కాబట్టి ప్రశ్నపత్రాలు తయారుచేసే అధ్యాపకులకు ఒక మనవి: ఉత్పన్నం గీయమని అడిగేటప్పుడు ఉష్ణోగ్రత కూడా ఇవ్వండి.