పెట్టెలా, స్ట్రిప్పులా?

మందుల పంపిణీదారు గోడౌన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ మొదటి రోజే తడబడితే, తప్పు తరచుగా అందులోకి ఎక్కించిన పాత లెక్కలదే.

ఒక మాత్రను తీసుకుందాం. పాత జాబితాలో దానికి రెండు కోడ్‌లున్నాయి. ఒకదాని కింద నిల్వ 40 పెట్టెలు, ఇంకోదాని కింద 400 స్ట్రిప్పులు. పెట్టెకు 10 స్ట్రిప్పులు. మరి ఇది ఒకే సరుకును రెండుసార్లు రాయడమా, నిజంగా రెండింతలు ఉందా? అర దగ్గరికి వెళ్లి లెక్కపెట్టాల్సిందే. బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా అప్పుడే సరిచూడాలి. తేదీ తప్పయితే ముందు పంపాల్సిన మందు వెనకే ఉండిపోతుంది.

శిక్షణ కూడా అరల మధ్యే ఇవ్వాలి. బార్‌కోడ్ చిరిగితే, సీసా పగిలితే ఏం నొక్కాలో సిబ్బంది స్వయంగా చేసి చూడాలి.

తర్వాత ఒకటి రెండు వారాలు పాత, కొత్త పద్ధతులు పక్కపక్కనే నడుస్తాయి. రోజూ సాయంత్రం కొన్ని సరుకులకు పాత లెక్కను, కొత్త లెక్కను, అరలో ఉన్నదాన్ని పోల్చాలి. తేడా పదిరెట్లు వస్తే ప్యాకింగ్ కొలత తప్పినట్టు. సాయంత్రం కనిపించి పొద్దునకు పోతే ఎవరో ఆలస్యంగా స్కాన్ చేస్తున్నట్టు. ఇది రెట్టింపు పని. సాగదీస్తే సిబ్బంది ఏదో ఒక లెక్కను వదిలేస్తారు.

పాతది ఆపే రోజు గిరాకీ కాలంలో పడకూడదు. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో హాలోవీన్ ముందు కొత్త వ్యవస్థకు మారి, సరుకు చేతిలో ఉన్నా దుకాణాలకు సకాలంలో అందించలేకపోయింది.