తెల్లకోటు భయం: ఒక పిల్లవాడు, రెండు సిద్ధాంతాలు

మనుషులు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్ర పాఠాల్లో ముందుగా కనిపించేవి మూడు సిద్ధాంతాలు.

| సిద్ధాంతం | కీలక భావన | ఉదాహరణ |
|---|---|---|
| శాస్త్రీయ నిబంధనం (పావ్లోవ్) | రెండు అనుభవాలు జతపడటం | తెల్లకోటు చూడగానే ఏడుపు |
| కార్యసాధక నిబంధనం (స్కిన్నర్) | ఫలితాన్ని బట్టి ప్రవర్తన | బీప్ ఆగాలని సీటుబెల్టు పెట్టుకోవడం |
| పరిశీలనాభ్యసనం (బందూరా) | చూసి నేర్చుకోవడం | అక్కను చూసి ముగ్గు వేయడం |

పట్టికలో ఎక్కువమంది తడబడేది రెండో వరుస దగ్గరే. సీటుబెల్టు ఉదాహరణను దండన అనుకుంటారు. అది ఋణాత్మక పునర్బలనం. ఇబ్బంది తొలగడం వల్ల ఒక పని పెరిగితే పునర్బలనం, ఫలితం వల్ల ఆ పని తగ్గితే దండన. బెల్టు లేనందుకు జరిమానా పడి, బెల్టు లేకుండా నడపడం తగ్గితే అది దండన.

జీవితం మాత్రం ఒకే గడిలో ఇమడదు. సూది నొప్పి తెల్లకోటుతో జతపడి పిల్లవాడు భయపడ్డాడు, అది మొదటి వరుస. గుక్కపట్టి ఏడిస్తే తల్లి ఇంటికి తీసుకెళ్లిపోయింది, భయం తగ్గింది. దాంతో ఏడుపు బలపడింది, అది రెండో వరుస. సూది లేని తెల్లకోటును చూసే అవకాశమే రాక భయం చెరగలేదు. ఇలా రెండూ కలిసే భయాన్ని నిలబెడతాయని 1947లో మౌరర్ వివరించాడు. అలాంటి పిల్లవాణ్ని సూది అవసరం లేని రోజున కూడా ఆసుపత్రికి తీసుకెళ్లి, కాసేపు కూర్చోబెట్టి తీసుకురండి.